తడి గరిటె పెట్టొద్దని చెప్పు

వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు తిరిగి ఎప్పుడు వెళ్తారన్నది చాలా ఇళ్ళలో వాళ్ళు రాకముందే తేలిపోతుంది. కొన్నేళ్ళుగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలై జూన్ 11తో అయిపోతున్నాయి. 12న మళ్ళీ గంట కొడతారు. రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. 2024 అక్టోబరు దాకా ఆ గడువు 120 రోజులు. కాబట్టి జూన్ 7 రాత్రి బండికి టిక్కెట్టు కావాలంటే ఏప్రిల్ 8 పొద్దున్నే ఫోను పట్టుకు కూచోవాలి. అప్పటికి పిల్లల పరీక్షలు కూడా పూర్తయి ఉండవు.

టిక్కెట్టు ఎప్పుడో తీసేసినా ఆ ఊసు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. బంగినపల్లి కాయలు గడ్డిలో మగ్గుతున్నంత కాలం అసలే ఎత్తరు. రోహిణి కార్తె ముగిసి మృగశిర రాబోయే వారంలో ఆ మాట బయటికొస్తుంది. అప్పటి నుంచి కారు కదిలే దాకా అమ్మమ్మా తాతయ్యా అనే మాటలన్నీ కలిపితేనే వీడ్కోలు. గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుంటూ అనే రెండు ముక్కలు అందులో చివరి వాయిదా మాత్రమే. బాకీలో ముప్పాతిక భాగం అంతకుముందే తీరిపోయి ఉంటుంది.

ఈ వాయిదాలు ఎలా నడుస్తాయో మా పెద్దమ్మ ఇంట్లో దగ్గరుండి చూశాను. ఊరు కోనసీమలో, అమలాపురానికి దగ్గర. కూతురికి హైదరాబాద్‌లో ఉద్యోగం. మనవరాలికి పదకొండేళ్ళు, మనవడికి ఏడు. అల్లుడికి సెలవు దొరకలేదు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆఖరి వారంలో కూతురే వచ్చింది. అమలాపురానికి రైలు లేదు కనక కారులో రాజమండ్రి దాకా వెళ్ళి, అక్కడ రాత్రి గౌతమి ఎక్కాలి. ఆదివారం ప్రయాణం.

మొదటి వాయిదా ఆ ఆదివారం మీదే మొదలైంది. హైదరాబాద్ మాకు పడమర. శుక్ర, ఆదివారాలు పడమటికి వారశూల. సోమ, శనివారాలు తూర్పుకీ, మంగళ, బుధవారాలు ఉత్తరానికీ, గురువారం దక్షిణానికీ పనికిరావు. శుక్రవారం ఎలాగూ ఆడపిల్లని పుట్టింటి నుంచి పంపరు. "ఏవే, ఆదివారమే దొరికిందా నీకు?" అంది పెద్దమ్మ. "సోమవారం ఆఫీసుకెళ్ళాలమ్మా, ఏప్రిల్‌లోనే చెప్పాగా" అంది కూతురు. ఈ సంభాషణ మన ఇళ్ళలో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. పంచాంగం పేరు చెప్పి పెద్దావిడ అడుగుతున్నది ఇంకొక్క రోజని కూతురికీ తెలుసు. రోజు దొరకదని పెద్దావిడకీ తెలుసు. అందుకే ఆవిడ నిమిషం తిరక్కుండా పరిహారం తనే చెప్పేసింది: "సరే, రేపు సాయంత్రం ప్రస్థానం పెట్టేద్దాం."

ప్రస్థానం అంటే మంచి రోజున, మంచి వేళలో, ప్రయాణానికి తీసుకెళ్ళే సామానులో ఒకటి ముందుగా ఇల్లు దాటించడం. పక్కింట్లో పెట్టి మర్నాడు వెళ్తూ తీసుకుంటారు. ప్రయాణం ముందురోజే మొదలైపోయినట్టు లెక్క, కాబట్టి ఆదివారం దోషం అంటదు. శనివారం సాయంత్రం ఏడేళ్ళవాడి చేతికి వాడి బట్టల సంచి ఇచ్చి, "పక్కింటి మామ్మగారి గదిలో పెట్టిరా నాన్నా" అని పంపారు. శూలలూ శకునాలూ నేను నమ్మను. కానీ పిల్లవాడికి తను వెళ్ళిపోతున్నానని నిజంగా తెలిసింది అప్పుడే. సంచి పెట్టి వచ్చి, "నా బట్టలు వెళ్ళిపోయాయి" అన్నాడు. ఆ రాత్రీ మర్నాడు మధ్యాహ్నమూ వాడికి సర్దుకోడానికి మిగిలాయి. ఉన్నట్టుండి కారెక్కించే ఇళ్ళలో పిల్లలకి ఆ వ్యవధి ఉండదు. దారంతా ఏడ్చేది ఎక్కువగా అలాంటి పిల్లలే.

రెండో చిక్కు రాహుకాలం. గోడ మీది క్యాలెండర్ ప్రకారం ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా. ఆ లెక్క పొద్దున ఆరింటికి పొడిచి సాయంత్రం ఆరింటికి కుంకే సూర్యుడిది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం నాడు ఎనిమిదోది రాహుకాలం. జూన్‌లో పగలు పదమూడు గంటలు దాటుతుంది కనక, సరిగ్గా లెక్కేస్తే అది ఐదింటికి మొదలై ఆరున్నర దాటే దాకా ఉంటుంది. ఆ అరగంట వెసులుబాటు నేను చెప్పి చూశాను. "క్యాలెండర్లో నాలుగున్నరని వేశారుగా" అంది పెద్దమ్మ. నాలుగుంపావుకే గుమ్మం దాటారు. కారులో రెండు గంటల దారి, ఆ తర్వాత స్టేషన్లో బోలెడంత సేపు బల్ల మీద కూచోవడం.

మాటల్లో బరువైనవి శనివారం రాత్రే అయిపోయాయి. ప్రయాణం నాడు తలంటు పోయరు కాబట్టి మనవరాలికి శనివారమే తలంటి, సాయంత్రం జడ వేశారు. అమ్మమ్మ మెట్టు మీద, పిల్ల కింది మెట్టు మీద, వీపు అమ్మమ్మ వైపు పెట్టి. ఈ కూచోవడంలోనే సగం సౌకర్యం ఉంది. ఒకరి మొహం ఒకరికి కనబడదు. చేతులకు పని ఉంటుంది. చిక్కు తీసేటప్పుడు కళ్ళలో నీళ్ళొస్తే దువ్వెన మీదికి నెట్టెయ్యచ్చు. ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పబోతే ఆ పదకొండేళ్ళ పిల్ల రెండో వాక్యానికే లేచిపోయేది.

ముందు చిన్నవి వచ్చాయి. రాత్రిళ్ళు జుట్టు విరబోసుకుని పడుకోకు. తమ్ముడు బళ్ళో మంచినీళ్ళు తాగకుండా సీసా నిండా ఇంటికి తెస్తాడంట, కాస్త చూడు. మీ అమ్మ ఆఫీసు నుంచి రాగానే ఏదీ అడక్కు, కాఫీ తాగాక అడుగు. ఆ తర్వాత జడ మూడో పాయ దగ్గర అసలు మాట వచ్చింది. "ఇదిగో అమ్మడూ, వచ్చే సెలవుల్లోగా నువ్వు పెద్దమనిషివైనా అవ్వచ్చు. బళ్ళో ఉండగా అయిందనుకో, కంగారుపడకు. టీచరుగారితో చెప్పు, అమ్మకి ఫోను చేయించమను. అందులో సిగ్గుపడేది ఏవీ లేదు. నాకైతే పదమూడో ఏట అయింది, ఏదో జబ్బు చేసిందనుకుని గాబుల వెనక దాక్కున్నాను." పిల్ల గట్టిగా నవ్వింది. "గాబు అంటే ఏంటి?" అంది. సిమెంటు తొట్టి గురించి ఇంకో పది నిమిషాలు నడిచింది.

ఆ మాట తల్లి చెప్పలేక కాదు. తల్లి చెబితే అది పాఠం అవుతుంది, ఆ వయసు పిల్లలు వెంటనే "నాకు తెలుసు" అనేస్తారు. అమ్మమ్మ తన కథగా చెప్పింది కాబట్టి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు మిగతాదీ లోపలికెళ్ళింది. ఏడాదికోసారి చూసే మనిషికి ఇంకో సంగతి కూడా కనబడుతుంది. పోయిన వేసవికీ ఈ వేసవికీ పిల్ల ఎంత ఎదిగిందో రోజూ చూసే తల్లికి అంత స్పష్టంగా తెలియదు. మళ్ళీ కలిసేలోగా ఏమేం జరగొచ్చో లెక్కేసి, వాటికి కావలసిన మాట ముందే ఇచ్చి పంపడం పెద్దవాళ్ళకే చేతనవును.

మనవడు డాబా మీద తాతయ్య పక్కన పడుకున్నాడు. వాడికున్నది ఒక్కటే ప్రశ్న: మళ్ళీ ఎప్పుడొస్తాం? ఏడేళ్ళవాడికి ఏడు నెలలన్నా ఏడేళ్ళన్నా ఒకటే. నెలలు కంటికి కనిపించేవి కావు. అందుకని తాతయ్య పండగలు లెక్కపెట్టించాడు. వినాయక చవితి, దసరా, దీపావళి, ఆ తర్వాత సంక్రాంతి. నాలుగు వేళ్ళు. వాడు ప్రతి పండక్కీ ఓ వేలు మడిచి, "సంక్రాంతికి వచ్చేస్తామా?" అన్నాడు. ఇక్కడ చాలామంది పెద్దవాళ్ళు "వచ్చేస్తారు నాన్నా, తప్పకుండా వస్తారు" అనేస్తారు. మా పెదనాన్న అనలేదు. "సంక్రాంతికి బడికి సెలవులిస్తారు. మీ నాన్నకి కూడా ఇస్తే వస్తారు. ఇవ్వకపోతే ఎండాకాలానికి. నువ్వు పాతిన టెంక మాత్రం మొలవగానే నేను ఫోటో తీసి పంపిస్తా, అది నా పని" అన్నాడు.

తేడా చిన్నదే, కానీ దాని ఫలితం నెలల తర్వాత తెలుస్తుంది. రావడం అల్లుడి సెలవు మీద ఆధారపడింది, టిక్కెట్ల మీద ఆధారపడింది, ఒక్కోసారి వియ్యాలవారింటి పండగ మీద కూడా ఆధారపడుతుంది. అది తాతయ్య చేతిలో లేదు. పెరట్లో నూతి నీళ్ళు పారే చోట పిల్లవాడు గుచ్చిన మామిడి టెంక మాత్రం ఆయన చేతిలోనే ఉంది. నాలుగు వానలు పడితే కొన్ని వారాల్లో రాగి రంగు ఆకులతో పైకి లేస్తుంది. లేవకపోతే ఆ సంగతే చెప్పి ఇంకోటి పాతచ్చు. తన చేతిలో ఉన్నదే మాటిచ్చిన తాతగారి మాట మనవడి దగ్గర చెల్లుతుంది. "దసరాకి తప్పకుండా" అని, దసరాకి రైలు దొరక్క ఆగిపోతే, పిల్లలు నిందించేది రైలును కాదు.

ఆదివారం మధ్యాహ్నం మాటలన్నీ వంటింట్లోకి మారాయి. ఈ ఇంట్లో ఆవకాయ మేలో కలుపుతారు, మూడో రోజు తిరగేస్తారు, జూన్ మొదటికి ముక్క ఊరి దారికొస్తుంది. జాడీతో పంపడం కుదరదు కనక స్టీలు డబ్బాలోకి తీసి, పైన వేలెడు నూనె తేలేలా పోసి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి, పైన పాత పంచె ముక్కతో కట్టింది పెద్దమ్మ. ముక్క నూనెలోంచి బయటపడితే అక్కడే బూజు మొదలవుతుంది. కడుతూనే మనవణ్ణి పిలిచింది.

"ఒరే నానా, మీ అమ్మకి చెప్పు, తడి గరిటె పెట్టొద్దని. వేళకి తినమని చెప్పు, ఆ ఆఫీసు తగలడా. మీ నాన్నగారికి చెప్పు, బండి నెమ్మదిగా నడపమన్నానని. మీ నానమ్మగారిని అడిగానని చెప్పు, మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కుని నాకు చెప్పు."

నాలుగు కబుర్లు. ఇందులో రెండు ఎవరికో ఆ మనిషి మూడడుగుల దూరంలో పులిహోర పొట్లాలు కడుతూ నిలబడి ఉంది. ఇంత దగ్గరున్న కూతురికి పిల్లవాడి చేత కబురెందుకంటే, నేరుగా చెబితే "నాకు తెలుసులే అమ్మా" అనే జవాబు వస్తుంది, దాని వెనకాల ఏడాదికి సరిపడా వాదన వస్తుంది, వెళ్ళే ముందు ఆ గొడవ ఇద్దరికీ అక్కర్లేదు. అల్లుడిగారికి బండి ఎలా నడపాలో అత్తగారు చెప్పడం మర్యాద కాదు. వియ్యపురాలితో మాటలు లాంఛనంగానే ఉంటాయి గానీ మోకాళ్ళ దాకా రావు. ఈ మూడు దారులూ మూసుకున్న చోట ఏడేళ్ళవాడు ఎవరి దగ్గరికైనా వెళ్ళగలడు, వాడి నోట వచ్చిన మాట మీద ఎవరికీ కోపం రాదు. మన పెద్దవాళ్ళు వీడ్కోలు వేళ మనవలతో అనే మాటల్లో చాలా భాగం మనవలకి కావు. కూతుళ్ళకి, అల్లుళ్ళకి, కోడళ్ళకి.

పిల్లవాడికి ఇందులో నష్టమేమీ లేదు. లాభమే ఉంది. ఏదో పని మీద వెళ్తున్నవాడికి వెళ్ళడం కాస్త తేలిక. కాకపోతే వాడు మొయ్యగలిగిన బరువు ఇంతే అని ఒకటుంది. తడి గరిటె, బండి వేగం, మోకాళ్ళ నొప్పి వాడు నలుగురిలో పైకి అరిచి చెప్పగల కబుర్లు. "మీ నాన్నని కాస్త కోపం తగ్గించుకోమను", "మీ అమ్మని డబ్బు దగ్గర జాగ్రత్తగా ఉండమను" అన్నవి పైకి కబురులాగే ఉంటాయి, కానీ పిల్లవాడు వాటిని చెప్పీ చెప్పలేక మింగుతాడు. ఇక దీనికి తిరగబడినది, "మీ అమ్మకి చెప్పకు" అంటూ చేతిలో ఏదో పెట్టడం. అది నోటయినా, కొనుక్కోమన్న ఆటవస్తువయినా, ఇంట్లో దాచలేనిదాన్ని దాచమని పిల్లవాడి నెత్తిన పెట్టడమే. ప్రేమగా ఇచ్చిన ఐదొందలు దొంగసొమ్ములా మారడానికి ఆ ఒక్క మాట చాలు.

తినేవాటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆఖరి మాట అక్కడి నుంచే వచ్చింది. ఎండాకాలం ప్రయాణానికి పెరుగన్నం మామూలుగా కలిపితే రాత్రికి పులిసిపోతుంది. అందుకని అన్నం మెత్తగా వండి, చల్లారాక కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రం వేసి కలుపుతారు. దారిలోనే తోడుకుని తినే వేళకి కమ్మగా ఉంటుంది. పులిహోరకి ఆ భయం లేదు, చింతపండూ నూనే దాన్ని కాపాడతాయి.

గుమ్మం దగ్గర పనులు చకచకా జరిగాయి. ఉప్పూ ఎండు మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని పిల్లలిద్దరి చుట్టూ తిప్పి దిష్టి తీశారు. కూతురికి బొట్టు పెట్టి, పండూ రవికెల గుడ్డా చేతిలో పెట్టారు. పిల్లలు వంగి దణ్ణం పెడితే "నూరేళ్ళు చల్లగా ఉండండి, బాగా చదువుకోండి" అన్నారు. తాతయ్య ఇద్దరికీ చెరో ఐదొందల పదహారు ఇచ్చాడు. ఆ పదహారు కోసం రెండ్రోజుల ముందే కిళ్ళీ కొట్లో చిల్లర మార్చుకొచ్చాడు. ఇచ్చింది అందరి ముందే, అన్నది కూడా అందరికీ వినబడేట్టే: "ఇది మీది, మీ ఇష్టం. దాచుకోమని నేను చెప్పను." చిన్నవాడు "వెళ్తాం" అంటే నలుగురూ ఒక్కసారే "వెళ్ళొస్తాం అనాలి" అని దిద్దారు. అది ప్రతి ఇంట్లో ఉన్నదే.

అప్పుడు పెద్దమ్మకి గుర్తొచ్చింది, వెళ్ళేది ముగ్గురని. తల్లీ ఇద్దరు పిల్లలూ. ముగ్గురు కలిసి బయల్దేరకూడదు. వాకిట్లో ముగ్గు పక్కనున్న గులకరాయి ఒకటి తీసి మనవడి జేబులో వేసి, "ఇదిగో, నాలుగోవాడు. రైలు దిగే దాకా పారెయ్యకు" అంది. వాడు దాన్ని తీసి చూసి, "వీడికి టిక్కెట్టుందా?" అన్నాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న అక్క కూడా నవ్వేసింది.

కారు కదిలాక కిటికీలోకి వంగి పెద్దమ్మ అన్న చివరి మాట, "పెరుగన్నం ముందు తినేయండి, పులిహోర రేపటికైనా ఉంటుంది." కళ్ళు తడిగా ఉన్నా గొంతు మామూలుగానే ఉంది. తినే వరస చెబుతుంటే గొంతు వణకదు. అక్కడ వేరే మాట ఏదన్నా అయితే ఆవిడా నిలబడలేకపోయేది, కారులో వాళ్ళూ కూచోలేకపోయేవాళ్ళు.

ఈ వరస తప్పిన చోట ఏమవుతుందో కూడా చూశాను. మాకు తెలిసిన ఇంకో ఇంట్లో ఒక తాతగారు ఆరేళ్ళ మనవరాల్ని గట్టిగా పట్టుకుని, "మళ్ళీ నువ్వొచ్చేసరికి ఉంటానో లేనో తల్లీ" అన్నారు. పెద్దవాళ్ళ నోట ఈ మాట ఊతపదంలా వస్తుంది. ఇరవయ్యేళ్ళ మనవడైతే "ఊరుకో తాతా" అని నవ్వేస్తాడు. కానీ చనిపోవడమంటే తిరిగి రాకపోవడమని, అది అందరికీ ఉంటుందని పిల్లలకు బోధపడేది సుమారు ఐదు, ఏడేళ్ళ మధ్యలోనే. అప్పుడే కొత్తగా తెలుస్తున్న సంగతి కనక ఆ వయసులో అది ఊతపదంగా వినబడదు, కబురుగా వినబడుతుంది. ఆ పిల్ల బస్సులో నిద్రపోలేదు. "తాతయ్య ఏ రోజు చచ్చిపోతాడు?" అని తల్లిని అడిగింది. ఆ తర్వాత తాతయ్య ఫోను చేస్తే దగ్గరికి రాలేదు. పెద్దాయన "నన్నప్పుడే మర్చిపోయింది" అని నొచ్చుకున్నారు. మర్చిపోయిన పిల్ల ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి ఆటకి పారిపోతుంది. భయపడిన పిల్ల ఫోను చూసి గదిలోంచి వెళ్ళిపోతుంది, కానీ తలుపు చాటున నిలబడి వింటుంది. తేడా తల్లి గమనించింది.

ఇలాంటప్పుడు "తాతయ్యకేం కాదు" అని తల్లి చెబితే లాభం లేదు, ఆ మాట అన్నది తల్లి కాదు. తాతగారే చెప్పాలి. ఆయన చెప్పారు కూడా: "ఆ రోజు నువ్వు వెళ్తున్నావని బెంగతో అలా అన్నాను. నేను బాగానే ఉన్నాను. రేపు సంతకెళ్ళి కోడిపిల్లలు కొంటున్నా, ఏ రంగువి కొనమంటావు?" రేపటి పని ఉన్న మనిషి ఎక్కడికీ పోడని ఆరేళ్ళ పిల్ల లెక్క. నల్లవి కొనమంది. అక్కడి నుంచి ఫోనులోకి వచ్చింది.

ఇంకో తప్పు మాట "ఆ నానమ్మ దగ్గర నీకు ఇలా జరుగుతుందా?" అన్నది. దాని గురించి పొడిగించక్కర్లేదు. వెళ్ళి చేరగానే ఆ నానమ్మ కూడా అదే అడుగుతుంది, పిల్లలు రెండిళ్ళలోనూ అబద్ధమాడటం నేర్చుకుంటారు.

ప్రాంతాన్నిబట్టి మాటల తీరు మారుతుంది గానీ సరుకు మారదు. తెలంగాణ పల్లెల్లో "పైలంగ పోండ్రి బిడ్డా, ముట్టినంక ఫోన్ చేయుండ్రి" అంటారు. రాయలసీమలో "పోయిరాండి నాయనా, జోపానం" అంటారు. వెనకటి రోజుల్లో "చేరగానే కార్డు ముక్క రాయండి" అనేవారు. కార్డు వచ్చే నాలుగైదు రోజులూ క్షేమంగా చేరారనే అనుకోవాలి. ఇప్పుడు బండెక్కగానే ఒక ఫోను, దిగగానే ఒక ఫోను.

నిజంగా మారింది విదేశాల నుంచి వచ్చే పిల్లల సంగతి. అమెరికా బడులకు సెలవులు అయ్యేసరికి ఇక్కడ మామిడిపళ్ళు చివరికొస్తాయి, ఉన్నా పచ్చి పళ్ళు ఆ దేశంలోకి వెంట తీసుకెళ్ళనివ్వరు. వాళ్ళు వెళ్ళే రోజు ఇల్లంతా పెట్టెల తూకం. పెట్టెకి 23 కిలోలు దాటితే కారప్పొడి తియ్యాలా, చెప్పులు తియ్యాలా అనే గొడవలో పెద్దవాళ్ళ మాటకి చోటుండదు. శంషాబాద్‌లో టిక్కెట్టు లేనివాళ్ళని టెర్మినల్ లోపలికి రానివ్వరు, వీడ్కోలంతా కారు ఎక్కువసేపు ఆపకూడని కాలిబాట మీదే. పైగా పిల్లలకి తెలుగు అంతంతమాత్రం. నాకు తెలిసిన ఒక నానమ్మగారు అందుకే పెట్టెలు మూసే రోజుకి రెండు రోజుల ముందే మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని దోసె తిప్పడం నేర్పించి, "అక్కడికెళ్ళాక ఆదివారం నువ్వే వెయ్యి, మీ అమ్మని కూచోమను" అని పంపారు. భాష చాలని చోట ఆవిడ పని చేతికిచ్చారు. ఎయిర్‌పోర్టులో ఆవిడ అన్నది "దోసె" అన్న ఒక్క మాటే, వాడికి పూర్తిగా అర్థమైంది.

మా పెద్దమ్మ ఇంట్లో మాత్రం ఇంకో పని మిగిలింది. సోమవారం పొద్దున్నే రైలు దిగి ఇల్లు చేరాక ఫోను వచ్చింది. మనవడు స్పీకర్‌లో ఉన్నాడు, వెనకాల అల్లుడిగారి గొంతు వినబడుతోంది.

"అన్నీ చెప్పేశావా నానా?" అంది పెద్దమ్మ.

"చెప్పేశా అమ్మమ్మా. అమ్మకి బండి నెమ్మదిగా నడపమని చెప్పా. నాన్నకి తడి గరిటె పెట్టొద్దని చెప్పా. నానమ్మని వేళకి తినమన్నావని చెప్పా."

ఆ చివరిది విని పెద్దమ్మ మంచం మీద కూచుండిపోయింది. వియ్యపురాలికి ఏం అర్థమై ఉంటుందో అని ఆవిడ బాధ. "ఒరే, అది మీ అమ్మకిరా! నానమ్మగారికి చెప్పమంది మోకాళ్ళ సంగతి. ముందు ఫోను ఆవిడకియ్యి, నేనే మాట్లాడతాను."

ఇచ్చాడు. పాతిక నిమిషాలు మాట్లాడుకున్నారు, ఎక్కువ భాగం మోకాళ్ళ గురించే.